‘వాణ్ణి మళ్ళీ కలవమంటావా?’ అని ఫ్రెండ్ అడిగితే

(హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న యువతీ యువకుల కోసం ఒక కౌన్సెలర్ ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేసింది.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. లోపలికి వచ్చేటప్పుడు మీరు చీటీలు రాసి డబ్బాలో వేశారు కదా, అవన్నీ చదివాను. ఒకే ప్రశ్న రకరకాలుగా చాలా చీటీల్లో ఉంది, అందుకే ఈరోజు దాని గురించే మాట్లాడతాను, మిగతావి ఇంకోసారి. ప్రశ్న ఏంటంటే, ఒక ఫ్రెండ్ ఉంది, లేదా ఉన్నాడు, నాతో బాగా క్లోజ్. తను ఎవరితోనో డేటింగ్ చేస్తోంది, ఆ విషయాలన్నీ నాకే చెప్తుంది, నన్నే సలహా అడుగుతుంది. ఎందుకు అడుగుతోంది? నా మీద నమ్మకమా, నేనేమంటానో అని టెస్ట్ చేస్తోందా, లేకపోతే నాకేదన్నా హింట్ ఇస్తోందా?

ఈ ప్రశ్న రాసినవాళ్ళలో కొంతమంది కింద ఇంకో లైను కూడా రాశారు. ‘మేడమ్, నాకు తనంటే ఇష్టం’ అని. కొంతమంది రాయలేదు. రాయకపోయినా, ఇష్టమో భయమో ఏదో ఒకటి లేకుండా ఈ ప్రశ్న ఎవరికీ రాదు కదా? మీ అన్నయ్య వచ్చి తన గర్ల్‌ఫ్రెండ్ గురించి సలహా అడిగితే ఇది టెస్టా హింటా అని మీరు రాత్రంతా మేలుకుని ఆలోచించరు. అంటే ఈ ప్రశ్నలో అవతలి మనిషి ఎంత ఉందో మీరూ అంతే ఉన్నారు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఒక కేసు చెప్తాను. వివరాలు మార్చాను, ఎవరో ఊహించే పని పెట్టుకోకండి. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఇద్దరూ ఒకే టీమ్. సాయంత్రం రాయదుర్గంలో కలిసి మెట్రో ఎక్కుతారు, అమీర్‌పేట దాకా కలిసే వస్తారు, అక్కడ ఆ అమ్మాయి దిగి మియాపూర్ ట్రైన్ పట్టుకుంటుంది, అతను అదే ట్రైన్‌లో తార్నాక వెళ్ళిపోతాడు. ఆ అమ్మాయికి డేటింగ్ యాప్‌లో ఒకతను పరిచయమయ్యాడు. రెండుసార్లు కాఫీకి కలిశారు. ఒక రాత్రి మన అబ్బాయికి మెసేజ్ పెట్టింది. ‘మనిషి మంచోడేరా. కానీ ఇంకో మూణ్ణెల్లలో పుణె వెళ్ళిపోతాడంట. వాళ్ళింట్లో సంబంధాలు కూడా చూస్తున్నారంట. నేను అడిగితే సరిగ్గా చెప్పట్లేదు, మాట మారుస్తున్నాడు. శనివారం మళ్ళీ కలుద్దామంటున్నాడు. వెళ్ళనా?’ అని. కింద ఇంకో మెసేజ్, ‘నీలాగా ఉన్నదున్నట్టు మాట్లాడేవాడైతే ఈ గోలే ఉండదు కదా’ అని.

మనవాడు ఏం రిప్లై పెట్టుంటాడు? చెప్పండి. ఆఁ, కరెక్ట్. ‘నీ ఇష్టం’ అని పెట్టాడు.

ఎందుకు నవ్వుతున్నారు, మీరందరూ పెట్టినవాళ్ళే కదా! ‘నీ ఇష్టం’ అంటే సేఫ్ అనుకుంటాం. ఆ అమ్మాయి వైపు నుంచి ఒకసారి చూడండి. నిజంగా సలహా కోసమే అడిగిందనుకోండి, ఆ రిప్లై వల్ల తనకి ఏమీ ఉపయోగం లేదు. టెస్ట్ చేసిందనుకోండి, వీడికి నేనంటే లెక్కే లేదు అని అర్థం చేసుకుంటుంది. హింట్ ఇచ్చిందనుకోండి, వీడు మర్యాదగా నో చెప్పాడు అనుకుని ఇంకెప్పుడూ ఆ ఊసెత్తదు. మూడిట్లో ఏదైనా సరే నష్టమే. తను ఏ ఉద్దేశంతో అడిగిందో తెలియనప్పుడు తప్పించుకునే సమాధానం కంటే పాడు సమాధానం ఇంకోటి లేదు.

తర్వాత ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చి ఫోన్ చూపించాడు. మొత్తం చాట్‌లో ఏ లైను చూపించాడు? ‘నీలాగా ఉన్నదున్నట్టు మాట్లాడేవాడైతే’ అన్న ఆ ఒక్క లైనే. పుణె గురించి నేను అడిగేదాకా చెప్పలేదు, సంబంధాలు చూస్తున్న సంగతీ నేను అడిగేదాకా చెప్పలేదు. ఆ ఒక్క లైను మాత్రం కంఠతా వచ్చు.

ఇది ఆ అబ్బాయి ఒక్కడి విషయం కాదు. అమెరికాలో ఆంటోనియా ఆబీ అనే సైకాలజిస్టు 1982లో ఒక పరిశోధన చేసింది. ముక్కూ మొహం తెలియని అమ్మాయి, అబ్బాయి ఒక ఐదు నిమిషాలు మాట్లాడుకుంటారు, ఇంకో అమ్మాయి, ఇంకో అబ్బాయి వాళ్ళకి కనపడకుండా చూస్తుంటారు. అయ్యాక నలుగురినీ అడిగారు, ఆ అమ్మాయి ఎలా ప్రవర్తించింది అని. మాట్లాడిన అబ్బాయే కాదు, పక్కనుంచి చూసిన అబ్బాయి కూడా, అమ్మాయిల కంటే ఎక్కువగా ఆ అమ్మాయి మాటల్లో ఆకర్షణ ఉందని చెప్పారు. అమ్మాయిలకి అది మామూలు కలుపుగోలుతనంగా కనిపించింది. అంటే వినేవాడి వైపు నుంచి, ముఖ్యంగా మగపిల్లల వైపు నుంచి, లేనిది ఉన్నట్టు కనిపించే అవకాశం బాగా ఉంది.

అయితే అన్నీ మన భ్రమేనా, హింట్లు అనేవే లేవా అంటే, ఉన్నాయి. కెనడాలో జాకీ వొరావర్, ఇంకొంతమంది కలిసి 2003లో ఒక పేపర్ రాశారు. హింట్ ఇచ్చేవాళ్ళ మీద అది. వాళ్ళు చెప్పిందేంటంటే, కాదంటారేమో అనే భయం ఉన్నవాళ్ళు చాలా చిన్న హింట్ ఇస్తారు, ఇచ్చి, అవతలివాళ్ళకి స్పష్టంగా అర్థమైపోయింది అనుకుంటారు. ఎందుకంటే, నేను ఎంత భయపడుతూ ఈ మాత్రం అన్నానో ఆ మనిషికి తెలుసు కదా, ఆ భయాన్ని కూడా లెక్కలో వేసుకుంటాడు కదా అని లోపల అనుకుంటారు. అవతల మనిషికి ఆ భయం కనపడదు. మాట ఒక్కటే వినిపిస్తుంది, అదీ మామూలు మాటలాగే.

ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వినేవాడు లేనిది వింటాడు, చెప్పేవాళ్ళేమో చెప్పనిది చెప్పేశామనుకుంటారు. ఇద్దరి మధ్య నిజంగా నడిచిన మాట ఏదో ఇద్దరికీ తెలియదు! అందుకే, మేడమ్ ఈ మెసేజ్ చూసి హింటో కాదో చెప్పండి అంటే నేను చెప్పను. చెప్పలేను కూడా. ఒక్క మెసేజ్ చూసి ఎవరూ చెప్పలేరు.

మరి దేన్ని చూడాలి? నేను మొదట చేయించేది ఒకటుంది. ఆ చాట్ మొత్తం తీయండి, మీ గురించి ఉన్న లైన్లన్నీ పక్కన పెట్టండి. ‘నీలాగా’, ‘నువ్వైతే’, ‘నీకైతే’ అన్నీ తీసేయండి. తీసేశాక ఇంకా ఒక ప్రశ్న మిగిలిందా? మన కేసులో మిగిలింది. మూణ్ణెల్లలో ఊరు వదిలి పోయేవాడు, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, అడిగితే మాట మారుస్తున్నాడు, శనివారం వెళ్ళాలా వద్దా. పూర్తి ప్రశ్న అది. ఒక అమ్మాయి నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్న. అవతల ఉన్న మనిషి నిజమైన మనిషి, వాడికో ఊరుంది, ఒక అమ్మా నాన్నా ఉన్నారు, తేల్చుకోడానికి శనివారం అని ఒక గడువుంది. అదే ప్రశ్న తను వాళ్ళ పిన్ని కూతుర్ని కూడా అడిగింది, అది తర్వాత తెలిసింది. అంటే మీరు లేకపోయినా ఆ ప్రశ్న అలాగే ఉంటుంది. అది నమ్మకం. ఎక్కువ శాతం నమ్మకమే.

అదే మిమ్మల్ని తీసేస్తే ఏమీ మిగలట్లేదనుకోండి. ‘ఒకతను నన్ను ఇష్టపడుతున్నాడు, నువ్వేమంటావ్?’ అంతే. ఎవరతను, ఏం చేస్తాడు, ఏం జరిగింది, ఏమీ లేదు. మీరు అడిగితే కూడా, ఉన్నాడులే ఒకడు అంటారు. అప్పుడు ఆ మూడో మనిషి అక్కడ పేరుకే ఉన్నాడు, వాళ్ళకి కావాల్సింది మీరేమంటారో అది.

రెండోది, సలహా ఇచ్చాక ఏం జరుగుతుందో చూడండి. నిజంగా అడిగినవాళ్ళు సలహాని వాడతారు. వాడకపోతే, ఎందుకు వాడలేదో వచ్చి చెప్తారు. ‘నువ్వు చెప్పినట్టు అడిగానురా, వాడు ఇలా అన్నాడు’ అని కథ ముందుకు నడుస్తుంది. టెస్ట్ అయితే కథ నడవదు. మీ మొహంలో రంగు మారిందా లేదా చూసుకుంటారు, అక్కడితో ఆ మూడో మనిషి మాయం. వారం తర్వాత మీరే, ‘అతని సంగతేమైంది?’ అని అడిగితే, ‘ఎవరు? ఓ, అదా’ అంటారు.

మన ఇళ్ళల్లో ఇది యాప్ కంటే ముందు నుంచీ ఉంది, సంబంధం ఫోటో రూపంలో. ఒకబ్బాయి వచ్చి, ‘ఇంట్లో సంబంధం చూశారు, అమ్మాయి ఎలా ఉందో చెప్పు’ అని ఫోన్ చేతికిస్తాడు. మీరు ఫోటో చూస్తారు. అతనెక్కడ చూస్తున్నాడు? ఫోటో వైపు చూస్తూ, ‘ఎంటెక్ అంట, బెంగళూరులో జాబంట, వాళ్ళ నాన్నగారు టీచరంట’ అని చెప్తుంటే అతని బుర్ర నిజంగా ఆ సంబంధంలో ఉంది. మీ మొహం వైపే చూస్తూ, మీరు ‘బాగుంది’ అనగానే ఫోన్ లాక్కుని జేబులో పెట్టేస్తే ప్రశ్న వేరు. మీలో కొంతమందికి ఎవరో గుర్తొస్తున్నట్టున్నారు, గుర్తు రానివ్వండి.

టెస్ట్ అనగానే కుట్ర అనుకోకండి, ఇది చాలా గట్టిగా చెప్తున్నాను. లెస్లీ బాక్స్‌టర్, విలియం విల్మట్ అని ఇద్దరు 1984లో కాలేజీ స్టూడెంట్లతో మాట్లాడి, ఒకరి మనసులో ఏముందో నేరుగా అడక్కుండా ఎలా తెలుసుకుంటారు అని చూశారు. ఇంకొకరి పేరు మధ్యలోకి తెచ్చి, అసూయ వస్తుందా రాదా అని చూడటం కూడా అందులో ఒక పద్ధతి. ఇలాంటివి ఎవరు ఎక్కువ చేస్తున్నారంటే, మామూలు ఫ్రెండ్స్ కాదు, ఆల్రెడీ ప్రేమలో ఉన్నవాళ్ళూ కాదు. ఫ్రెండ్షిప్పా ప్రేమా అని ఇంకా తేలనివాళ్ళు. మరుసటి ఏడాది అదే ఇద్దరు ఇంకో పేపర్ రాశారు, దగ్గరివాళ్ళ మధ్య అస్సలు ఎత్తని టాపిక్ ఏంటి అని. అన్నిటికంటే ఎక్కువగా వచ్చింది, ‘మన మధ్య ఉన్నదేంటి?’ అన్న టాపిక్కే. నోరు విప్పి అడగలేని చోట పక్కదారి వెతుక్కుంటారు, అంతే.

పైగా మన దగ్గర నోరు విప్పడానికి ఎన్ని అడ్డాలో మీకు తెలుసు. కులం వేరైతే ఇంట్లో ఏమంటారో, ఒకే ఆఫీసైతే రేపు మొహం ఎలా చూసుకోవాలో, ఒకే గ్యాంగ్ అయితే మిగతా నలుగురూ ఏమనుకుంటారో. అమ్మాయి ముందుగా చెప్తే ఆ మాట ఎంత దూరం పోతుందో చెప్పక్కర్లేదు. నేరుగా చెప్తే వెనక్కి తీసుకోలేరు. సలహా అడిగినట్టు అడిగితే, ‘ఛ, ఊరికే అడిగాను’ అనొచ్చు. ఆ అమ్మాయో అబ్బాయో తమను కాపాడుకుంటున్నారు. దాన్ని మోసం అనకండి, దయచేసి.

ఇంకో మాట, ఇది చీటీల్లో ఎవరూ రాయలేదు. మూడూ కలిసి ఉండొచ్చు. ఉదయం నిజంగా సలహా కోసం అడిగిన మనిషే రాత్రి అదే విషయం మీద మీ మొహం చూడాలనుకోవచ్చు. తనకే తెలియకపోవచ్చు! కాబట్టి ఇందాక నేను చెప్పినవి పెట్టి తీర్పులు ఇవ్వకండి, ఎటు మొగ్గు ఉందో చెప్తాయి, అంతే.

సరే, మన అబ్బాయి దగ్గరికి వద్దాం. మెసేజ్‌లో ‘నీ ఇష్టం’ అన్నాడు కదా, మర్నాడు మెట్రోలో ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. ఈసారి సలహా ఇచ్చాడు. ‘వద్దు, వాడు నమ్మదగ్గ మనిషి కాదు’ అన్నాడు. నేను అడిగాను, ఎందుకు నమ్మదగ్గవాడు కాదు? ‘మాట మారుస్తున్నాడు కదా మేడమ్’ అన్నాడు. సరే, ఇదే కథ మీ టీమ్‌లో ఇంకో అమ్మాయి, నీకేమీ ఇష్టం లేని అమ్మాయి చెప్పుంటే ఏమనేవాడివి? కాసేపు ఆలోచించి చెప్పాడు. ‘శనివారం వెళ్ళి, పుణె సంగతి, ఇంట్లో సంబంధాల సంగతి మొహం మీదే అడుగు, అప్పుడు కూడా మాట మారిస్తే వదిలెయ్యి అనేవాణ్ణి’ అన్నాడు. చూశారా? సలహా ఇవ్వడం వచ్చు. మంచి సలహానే వచ్చు. ఈ అమ్మాయికి మాత్రం ఇవ్వలేదు, ఎందుకంటే ఆ సలహాలో అతని లాభం కలిసిపోయింది.

మీ అందరికీ నేను ముఖ్యంగా చెప్పాలనుకుంది ఇదే. తను ఎందుకు అడిగింది అన్నది మీకు తెలియదు. మీరు ఎందుకు ఆ సమాధానం చెప్తున్నారో అది మీకు తెలుసు. మీకు ఆ మనిషంటే ఇష్టం ఉండి, అది దాచి, అవతలివాడి గురించి సలహా ఇస్తుంటే, ఆ సలహా మంచిదైనా సరే, అడిగిన మనిషికి అన్యాయం చేస్తున్నట్టే. తను మీ మాటని ఏ లాభం లేని మనిషి మాట అనుకుని వింటోంది కదా.

నలదమయంతుల కథ మీకు తెలుసు. స్వయంవరానికి నలుడు వెళ్తుంటే దారిలో ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు ఎదురై, మా తరఫున దూతగా దమయంతి దగ్గరికి వెళ్ళు అంటారు. పని ఏంటో వినకుండానే చేస్తానని మాటిచ్చేశాడు. విన్నాక నలుడు చేసిన మొదటి పని ఏంటి? నేనూ ఆమె కోసమే వెళ్తున్నాను, నన్ను పంపకండి అని వాళ్ళకి చెప్పాడు. మాటిచ్చావు కదా అని వాళ్ళు వినలేదు, సరే, వెళ్ళాడు. వెళ్ళి దమయంతికి తనెవరో చెప్పాడు, ఎవరు పంపితే వచ్చాడో చెప్పాడు, దేవతల మాట పూర్తిగా చెప్పాడు, వాళ్ళలో ఒకరిని వరించమన్నాడు. దమయంతి ఎవరిని కోరుకుందో మీకు తెలిసిందే. ఆ కథలో నాకు బాగా నచ్చేది ఆమె ఎంపిక కాదు, ఒప్పుకునే ముందే తన లాభం ఏంటో నలుడు బయటపెట్టడం.

మన అబ్బాయి ఏం చేశాడంటే, శుక్రవారం సాయంత్రం అమీర్‌పేటలో తనూ దిగి ప్లాట్‌ఫామ్ మీద చెప్పాడు. ‘రేపు వెళ్ళాలా వద్దా అని అడిగావు కదా. చెప్పే ముందు ఒక విషయం. నువ్వంటే నాకు ఇష్టం. అందుకే మొన్న వద్దన్నాను. నిజంగా అడిగితే, వెళ్ళు, పుణె సంగతి తేల్చుకో. ఇది విన్నందుకు నువ్వు నాకేమీ చెప్పక్కర్లేదు’ అని. నేను ఆ చివరి వాక్యం తప్పకుండా అనమన్నాను. ఎందుకంటే అది లేకపోతే సలహా అడిగిన మనిషిని అక్కడికక్కడ జవాబు చెప్పమని నిలబెట్టినట్టవుతుంది.

ఏమైందని అడుగుతారు. ఆ అమ్మాయి శనివారం వెళ్ళింది. ఇతని గురించి తనెప్పుడూ అలా అనుకోలేదని తర్వాత చెప్పింది. కొన్నాళ్ళు లంచ్ దగ్గర ఇబ్బందిగానే ఉన్నారు, తర్వాత సర్దుకుంది. అంటే ‘నీలాగా ఉన్నదున్నట్టు మాట్లాడేవాడైతే’ అన్న లైను హింట్ కాదు, ఆ అమ్మాయి నిజంగా ఇతన్ని ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషి అనుకుంది. అతనికి బాధగానే ఉంది, లేదని చెప్పను. కానీ రాత్రుళ్ళు ఆ చాట్ తెరిచి చదువుకోవడం మానేశాడు.

మరి మీ మనసులో ఏమీ లేదు, కానీ తను టెస్ట్ చేస్తోందేమో అని డౌటు, అప్పుడేం చెయ్యాలి? ముందు ఆ సలహా ఇచ్చెయ్యండి, పూర్తిగా, నిజంగా అడిగినట్టే తీసుకుని. నిజంగా అడిగుంటే పని జరిగిపోతుంది, టెస్ట్ అయితే మీరు నిజాయితీగా ఉన్నారని తెలుస్తుంది. అదే మళ్ళీ మళ్ళీ జరిగి, ప్రతిసారీ మూడో మనిషి మాయమవుతుంటే, ఒంటరిగా ఉన్నప్పుడు, గ్రూప్‌లో మాత్రం వద్దు, నెమ్మదిగా అడగండి. ‘ఈ విషయంలో నా నుంచి సలహా కావాలా, నా మనసులో ఏముందో తెలియాలా? ఏదైనా పర్లేదు, చెప్తాను’ అని. సలహానే అంటే సలహానే, నమ్మండి, ఇంకోసారి తవ్వకండి. మీరు కూడా అసూయ పుట్టిద్దామని ఇంకో పేరు తీసుకురాకండి. అప్పుడు ఇద్దరూ లేని మనుషుల గురించి మాట్లాడుకుంటూ కూర్చుంటారు.

ఒక్క చోట మాత్రం ఇవేవీ వర్తించవు. అడిగేది మీ మేనేజర్, మీ అప్రైజల్ ఆయన చేతిలో ఉంది, తన డేటింగ్ గురించి మిమ్మల్నే ఊరికే అడుగుతున్నాడు, మీకు ఇబ్బందిగా ఉంది. అప్పుడు నమ్మకమా హింటా అని మీరు తల బద్దలు కొట్టుకోవాల్సిన పని లేదు. ‘సార్, ఈ విషయాలు నాతో వద్దు’ అనండి, మెసేజ్‌లు డిలీట్ చెయ్యకండి. ఆగకపోతే, అమ్మాయిలకి పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 నాటి చట్టం ప్రకారం ఫిర్యాదు చెయ్యడానికి ఆఫీసులో ఇంటర్నల్ కమిటీ ఉంటుంది, పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా ఉండాలి.

చివరిగా, మీ ఇష్టం చెప్పేశారు, అవతలివాళ్ళు కాదన్నారు, రెండు వారాలకి మళ్ళీ వచ్చి వాళ్ళ డేటింగ్ కబుర్లే చెప్తూ సలహా అడుగుతున్నారు అనుకోండి. ఇది రెండు చీటీల్లో ఉంది. వినాల్సిన బాధ్యత మీకు లేదు. ‘ఇది ఇంకెవరినన్నా అడుగు, నేను ఇప్పుడు చెప్పలేను, మిగతావన్నీ మామూలుగానే మాట్లాడుకుందాం’ అనొచ్చు. అలా అన్నందుకు ఫ్రెండ్షిప్ పోదు. మీ పరిస్థితి తెలిశాక కూడా ఆ ఒక్క విషయం వదల్లేకపోతున్నారంటే, వాళ్ళకి ఈ టైమ్‌లో మీ కంటే మీ అటెన్షన్ ఎక్కువ కావాలి, దాన్ని బట్టి మీరు ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించుకోండి. ప్రశ్నలు తీసుకుందాం. ఆ మూడో వరసలో చెయ్యెత్తిన అమ్మాయికి మైక్ ఇవ్వండి.